టోటల్స్ కలిసినా తప్పున్న ట్రయల్ బ్యాలెన్స్: స్క్రీన్‌షాట్‌లో ఏం చూడాలి

ప్రశ్న: సార్, మా ఎలక్ట్రికల్ షాపు (ఒక్కరి సొంత వ్యాపారం) ట్రయల్ బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్లు రెండు పెట్టాను. ఒకటి గ్రూపుల వారీగా, ఇంకోటి లెడ్జర్ల వారీగా. పోయిన ఏడాది బ్యాలెన్స్ షీటు, సప్లయర్ల లిస్టు కూడా పెట్టాను. ఏప్రిల్ 2024 నుంచే టాలీ ప్రైమ్ మొదలుపెట్టాం. రెండు వైపులా టోటల్ 56,89,560 సరిపోయింది. అయినా ఆడిటర్ గారు ఫోన్‌లో చూసి వెంటనే "ఇందులో చాలా తప్పులున్నాయి, సరిచేసి పంపు" అన్నారు. మా ఓనర్ గారు ఇంటి ఖర్చుకి నెలకు 20 వేలు తీసుకుంటారు, అది కూడా రాశాను. ఎక్కడ చూడాలి? టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

టాలీలో ఆ రెండు టోటల్స్ ఎప్పుడూ కలుస్తాయండీ. కలవకపోతే తేడా ఎంతో లెక్కకట్టి, తక్కువైన వైపు తనే ఒక లైను వేసి కలిపేస్తుంది. మీ మొదటి స్క్రీన్‌షాట్‌లో అడుగున, Grand Total కి కాస్త పైన ఆ లైను ఉంది. మీ ఆడిటర్ గారు ముందు చూసింది అదే అయివుంటుంది. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలని మీ చిత్రంలోని అంకెలు ఇక్కడ టైపు చేస్తున్నాను.

```
                                  Debit       Credit
Capital Account                               4,80,000
Sundry Creditors                              2,34,290
Duties & Taxes                                  18,120
Fixed Assets                     95,000
Opening Stock                  6,20,000
Sundry Debtors                 2,71,300
Cash-in-Hand                                    12,350
Bank Accounts                    74,210
Sales Accounts                               48,98,000
Purchase Accounts             41,86,400
Indirect Expenses              4,42,650
Difference in opening balances                  46,800
Grand Total                   56,89,560      56,89,560
```

అంకెల జోలికి వెళ్ళే ముందు స్క్రీన్‌షాట్ పూర్తిగా ఉందో లేదో చూడాలి. పైన పీరియడ్ 1-Apr-24 to 31-Mar-25 అని ఉంది, బాగుంది. చాలామంది ఒక్క నెలకో ఒక్క రోజుకో తీసిన రిపోర్టు పంపేసి "సేల్స్ తక్కువ చూపిస్తోంది" అని అడుగుతుంటారు. Alt+F2 తో పీరియడ్ మార్చుకోవచ్చు. లిస్టు స్క్రీన్ దాటి పోతే టాలీ కింద more అని బాణం గుర్తుతో చూపిస్తుంది. అది కనిపిస్తే ఆ చిత్రం సగమే అని లెక్క. మీ లెడ్జర్ల చిత్రం రెండు ముక్కలుగా పెట్టారు, ఓపెనింగ్ బ్యాలెన్స్ కాలమ్ కూడా కనిపించేలా తీశారు. ఆ కాలమ్ వల్లే నా పని చాలావరకు తగ్గింది. కావలసినవాళ్ళు F12 లో ఆ ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు.

ఇక ఆ 46,800 సంగతి. చేత్తో పుస్తకాలు రాసే రోజుల్లో (మా తెలుగు మీడియం కామర్స్ పుస్తకాల్లో ట్రయల్ బ్యాలెన్స్‌ని అంకణా అనేవారు) తేడా వస్తే చిట్టా మొదటి పేజీ నుంచి టిక్కులు పెట్టుకుంటూ రావాల్సిందే. డెబిట్ ఒకచోట, క్రెడిట్ ఇంకోచోట విడివిడిగా ఎక్కించేవాళ్ళం కాబట్టి తప్పు ఎక్కడైనా జరిగి ఉండొచ్చు. టాలీలో అలా కాదు. డెబిట్, క్రెడిట్ సమానం కాని ఓచర్‌ని అది సేవ్ చేయనివ్వదు. అందువల్ల ఏడాదంతా మీరు కొట్టిన ఓచర్లలో ఎన్ని తప్పులున్నా, ఈ 46,800 మాత్రం వాటివల్ల వచ్చింది కాదు. ఆ లైను పేరులోనే ఉంది, ఇది ఓపెనింగ్ బ్యాలెన్సుల తేడా. దీనికోసం ఓచర్లు ఒక్కటి కూడా తెరవకండి. మొదటి ఏడాది బ్యాలెన్సులు చేత్తో కొట్టినప్పుడు జరిగిన పొరపాటు ఇది.

లైను క్రెడిట్ వైపు పడింది. అంటే ఓపెనింగ్‌లో క్రెడిట్లు 46,800 తక్కువైనా అయ్యుండాలి, డెబిట్లు అంత ఎక్కువైనా అయ్యుండాలి, లేదా రెండూ కొంచెం కొంచెం జరిగి ఉండాలి. ఇక్కడ పాత గుమాస్తాలు రెండు చిట్కాలు వాడేవారు. ఒకటి, తేడాని సగం చేసి ఆ అంకె ఏ లెడ్జర్‌లో ఉందో వెతకడం. క్రెడిట్‌లో ఉండాల్సిన మొత్తం డెబిట్‌లో పడితే తేడా దానికి రెట్టింపు వస్తుంది కాబట్టి. రెండోది, తేడాని 9 తో భాగించడం. 4,500 బదులు 5,400 కొట్టినా, ఒక సున్నా ఎక్కువ పడినా తేడా 9 తో నిశ్శేషంగా భాగించబడుతుంది.

మీ విషయంలో రెండు చిట్కాలూ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. 46,800 లో సగం 23,400. తొమ్మిదో వంతు 5,200, శేషం లేదు. అంటే 5,200 కొట్టాల్సిన చోట 52,000 కొట్టారేమో అని కూడా అనుమానించొచ్చు. తొమ్మిది చిట్కాని నేను పెద్దగా నమ్మను. ఏ అంకె తీసుకున్నా తొమ్మిదింట ఒకటి ఊరికే భాగించబడుతుంది. పైగా టాలీలో ఆ చిట్కా ఓపెనింగ్ బ్యాలెన్సులకి మాత్రమే పనికొస్తుంది. ఓచర్‌లో అంకెలు తారుమారైతే ఆ తప్పు రెండు వైపులా ఒకేలా పడుతుంది, తేడా అసలు బయటపడదు. సగం చిట్కా కూడా ఒక ఊహే. నిజం తేల్చేది పోయిన ఏడాది బ్యాలెన్స్ షీటు.

మీరు పెట్టిన షీటుతో ఓపెనింగ్ కాలమ్‌ని పక్కపక్కన పెట్టి చూశాను. స్టాకు 6,20,000, ఫర్నిచర్ తదితరాలు 95,000, బ్యాంకు 62,400, నగదు 18,600, క్యాపిటల్ 7,60,000. ఇవన్నీ రెండింటిలో ఒకటే. డెటర్లు షీటులో 1,86,000 ఉంటే టాలీలో 2,09,400 ఉంది, అంటే 23,400 ఎక్కువ. క్రెడిటర్లు షీటులో 2,22,000 ఉంటే టాలీలో 1,98,600 ఉంది, అంటే 23,400 తక్కువ. ఒకే మొత్తం ఒక గ్రూపులోంచి తప్పిపోయి ఇంకో గ్రూపులో తేలింది.

ఆ మొత్తం ఎవరిదో సప్లయర్ల లిస్టులో ఉంది. ఏడో పేరు, మీకు వైరు వేసే సప్లయరు, ఇవ్వాల్సింది 23,400. టాలీలో ఆయన లెడ్జరు Sundry Debtors కింద ఉంది. లెడ్జర్ క్రియేట్ చేసేటప్పుడు గ్రూపు డెటర్స్ అని ఇస్తే, ఓపెనింగ్ బ్యాలెన్స్ పక్కన Dr దానంతటదే వస్తుంది. కొట్టిన మనిషి అంకె చూసుకున్నారు, పక్కన ఉన్న రెండక్షరాలు చూసుకోలేదు. నేను ఇప్పటిదాకా చూసిన ఓపెనింగ్ తేడాల్లో ఎక్కువభాగం ఇలాంటివే.

ఇదే తప్పుని ఇంకో దారిలో కూడా పట్టుకోవచ్చు. లెడ్జర్ల వారీ చిత్రంలో ఆ సప్లయరు ఏడాది చివర మనకే 35,000 బాకీ ఉన్నట్టు డెబిట్‌లో కనిపిస్తున్నాడు. సరుకు వేసేవాడు మనకి బాకీ పడటమేంటి? అడ్వాన్సు ఇచ్చి ఉంటే తప్ప జరగదు. ఆయన లెడ్జరులో ఏడాదిలో కొన్న సరుకు 1,10,000, మనం కట్టింది 1,21,600 ఉన్నాయి. పాత బాకీ 23,400 సరైన వైపు వేసి లెక్కేస్తే, మనమే ఆయనకి ఇంకా 11,800 ఇవ్వాలి. డెబిట్ 35,000 కాస్తా క్రెడిట్ 11,800 అయింది, అంటే 46,800 మారింది. మన తేడా సరిగ్గా అంతే కాబట్టి ఈ లైను కోసం వేరే తప్పు ఇక వెతకక్కర్లేదు. ఒకసారి ఆయనకి ఫోన్ చేసి వాళ్ళ పుస్తకాల్లో 31 మార్చికి మన బ్యాలెన్స్ ఎంతుందో అడగండి. 11,800 అంటే లెక్క తేలినట్టే.

సరిచేయడానికి ముందు బ్యాకప్ తీసుకోండి. తర్వాత ఆ లెడ్జర్‌ని ఆల్టర్ మోడ్‌లో తెరిచి గ్రూపుని Sundry Creditors కి మార్చండి. గ్రూపు మార్చినంత మాత్రాన Dr మారిందని అనుకోకండి, కిందికి దిగి Cr అని చేత్తో మార్చండి. బిల్లుల వారీగా బ్యాలెన్స్ పెట్టుకునే లెడ్జరైతే ఎంటర్ కొట్టగానే పాత బిల్లుల విభజన తెరుచుకుంటుంది. అక్కడ కూడా Cr ఉండాలి. లేకపోతే లెడ్జర్ బ్యాలెన్స్ ఒకటి, బిల్లుల బాకీల రిపోర్టు ఇంకోటి చూపించి మళ్ళీ తలనొప్పి.

ఒక పని మాత్రం చేయొద్దు. ఈ లైను పోవడానికి సస్పెన్స్ అని ఒక లెడ్జర్ పెట్టి దానికి 46,800 ఓపెనింగ్ ఇచ్చేయడం, లేదా ఓనరు గారి క్యాపిటల్‌లో కలిపేయడం. జర్నల్ ఎంట్రీతో ఈ లైను పోదు, ఎందుకంటే జర్నల్ తనంతట తాను సమానంగా ఉంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్ళు ఈ దొడ్డిదారి పడతారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాగే ఒక క్లయింటు తేడాని అనామతు ఖాతాలో పడేశారు. మూడో ఏడు ఒక సప్లయరు బాకీ కట్టమని లెటర్ పంపినప్పుడు, ఆయన పేరే మా పుస్తకాల్లో లేదు. ఆ మొత్తం అనామతులో కూర్చుని ఉంది. దాన్ని విప్పడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

మీరు ఈ లైను పోగొట్టాక రేపెప్పుడో మళ్ళీ వస్తే, ముందు స్టాకు చూడండి. అకౌంట్లని ఇన్వెంటరీతో కలిపి వాడేవాళ్ళకి ట్రయల్ బ్యాలెన్స్‌లోని Opening Stock ఐటమ్‌ల నుంచి వస్తుంది. షాపులో ఏదో ఐటమ్ మైనస్‌లో చూపిస్తోందని కౌంటరు కుర్రాడు ఆ ఐటమ్ మాస్టర్‌లోకి వెళ్ళి ఓపెనింగ్ క్వాంటిటీ, రేటు వేసేస్తాడు. ఐటమ్ మైనస్ పోతుంది, కానీ ఓపెనింగ్ స్టాకు విలువ అంతమేర పెరిగి, ఎదురు క్రెడిట్ లేక ఈ లైను మళ్ళీ మొలుస్తుంది. కాబట్టి ఆ 6,20,000 అలాగే ఉందా అన్నది మొదటి పరీక్ష.

తేడా లైను పోయినా మీ ట్రయల్ బ్యాలెన్స్‌లో ఇంకో రెండు తప్పులున్నాయి. అవి డెబిట్ క్రెడిట్ సమానంగానే ఉన్న తప్పులు కాబట్టి టోటల్ వాటిని ఎప్పటికీ చెప్పదు.

మొదటిది క్యాష్. క్రెడిట్ వైపు 12,350. గల్లా పెట్టెలో డబ్బు ఉంటే ఉంటుంది, లేకపోతే సున్నా. మైనస్ పన్నెండు వేలు ఉండటం సాధ్యం కాదు. పుస్తకాల ప్రకారం లేని డబ్బు ఖర్చుపెట్టారంటే, గల్లాలోకి వచ్చిన డబ్బు ఏదో రాయలేదనైనా, లేక ఖర్చు ఏదో రెండుసార్లు రాశారనైనా అర్థం. ఆడిటర్లు దీన్ని చూడగానే ఎందుకు ఉలిక్కిపడతారంటే, ఆదాయపు పన్ను ఆఫీసర్ చూస్తే "లెక్కలో రాయని అమ్మకం డబ్బుతో ఖర్చు చేశారా" అని అడుగుతాడు.

మీ విషయంలో నాకు ఒక అనుమానం ఉంది, దానికి ఆధారం మీ ప్రశ్నలోనే ఉంది. ఓనర్ గారు నెలకు 20 వేలు తీసుకుంటే ఏడాదికి 2,40,000. లెడ్జర్ల చిత్రంలో డ్రాయింగ్స్ 2,80,000 ఉంది. సరిగ్గా 40,000 ఎక్కువ. షాపు అవసరానికి సెల్ఫ్ చెక్కుతో బ్యాంకు నుంచి తీసిన 40,000 ని, స్టేట్‌మెంట్‌లో SELF అని చూసి ఓనరు వాడుకున్నారనుకుని డ్రాయింగ్స్‌కి వేసేసి ఉంటారు. అది కాంట్రా ఎంట్రీ కావాలి, అంటే క్యాష్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. డ్రాయింగ్స్ లెడ్జర్ తెరిచి 20,000 కానివి ఏమున్నాయో చూడండి. ఆ ఓచర్ దొరికితే ఓనర్ గారిని ఒక్క మాట అడగండి, ఆయనకే తెలుస్తుంది. షాపుకే అయితే క్యాష్ 27,650 డెబిట్‌కి వస్తుంది. 31 మార్చి రాత్రి లెక్కపెట్టిన నగదు చీటీ ఉంటే దానితో పోల్చండి. ఆయన నిజంగానే ఇంటికి తీసుకెళ్ళి ఉంటే నా ఊహ తప్పు, అప్పుడు క్యాష్ బుక్ మొదటినుంచీ చూడాలి.

సంవత్సరం చివర క్యాష్ ప్లస్‌లోకి వచ్చిందని వదిలేయకండి. క్యాష్ లెడ్జర్‌లో రోజువారీ బ్యాలెన్స్ చూస్తే మధ్యలో ఏ రోజున మైనస్‌లోకి పోయిందో కనిపిస్తుంది. చాలాసార్లు మైనస్ మొదలైన రోజుకి కాస్త ముందే ఆ ఎంట్రీ ఉంటుంది, కాబట్టి అక్కడినుంచి వెనక్కి వెతకండి.

రెండోది గ్రూపుల చిత్రంలో అసలు కనపడదు. Duties & Taxes 18,120 చూస్తే ఏ తప్పూ లేదు. లెడ్జర్ల చిత్రంలో మాత్రం సీజీఎస్టీ 9,870, ఎస్‌జీఎస్టీ 8,250 ఉన్నాయి. రాష్ట్రం లోపల కొన్నా అమ్మినా ఈ రెండు పన్నులూ ప్రతి బిల్లులో సమానంగా పడతాయి. మరి 1,620 తేడా ఎందుకొచ్చింది? బయటి రాష్ట్రం నుంచి కొనేవాళ్ళకి ఇది తప్పు కాకపోవచ్చు. ఐజీఎస్టీ క్రెడిట్‌ని ఈ రెండింటిలో దేనికి ఎంత సర్దుకున్నారో దాన్నిబట్టి అవి విడిపోతాయి. మీ లిస్టులో ఐజీఎస్టీ లెడ్జరే లేదు కాబట్టి ఆ కారణం మీకు వర్తించదు.

ఇలాంటి తేడా రావడానికి రెండు దారులున్నాయి. ఒక బిల్లులో రెండు పన్నులూ సీజీఎస్టీలోనే వేసేస్తే, ఒకటి పెరిగి ఇంకోటి తగ్గుతుంది. అప్పుడు ఒక్కో పన్ను 810. 18 శాతం సరుకులో సగం, అంటే 9 శాతం 810 అయితే సరుకు విలువ 9,000, బిల్లు మొత్తం 10,620. లేదా ఒక బిల్లులో ఎస్‌జీఎస్టీ వేయడమే మర్చిపోతే పన్ను 1,620, సరుకు 18,000. నేనైతే సీజీఎస్టీ లెడ్జర్ తెరిచి, ఒకే ఓచర్ నంబరు మీద 810 రెండుసార్లు కనిపిస్తుందేమో ముందు చూస్తాను. చేత్తో లెడ్జర్ ఎంచుకునేచోట పైనున్న లెడ్జర్‌నే కింద కూడా ఎంచుకుని ఎంటర్ కొట్టేయడం చాలా తేలిక. అక్కడ లేకపోతే 18,000 సరుకు బిల్లు వెతకండి. కొనుగోలు బిల్లులో తప్పు జరిగితే దిశ తిరగబడుతుంది. రెండూ ఎస్‌జీఎస్టీలో పడినా, సీజీఎస్టీ వేయడం మర్చిపోయినా ఇదే తేడా వస్తుంది కాబట్టి పర్చేజ్‌లు కూడా చూడాలి.

దొరికిన ఓచర్‌ని వెంటనే మార్చేయకండి. ఆ నెల రిటర్నులో ఏ అంకెలు వెళ్ళాయో ముందు చూడండి. రిటర్నులో రెండూ సమానంగా వెళ్ళి ఉంటే తప్పు పుస్తకాల్లోనే ఉంది, ఓచర్ సరిచేస్తే చాలు. రిటర్ను కూడా తప్పు అంకెలతో వెళ్ళి ఉంటే అది ఆడిటర్ గారికి చెప్పాల్సిన విషయం, మీరు సొంతంగా తేల్చుకోవద్దు.

ఇంకొక్క మాట. మెయింటెనెన్స్ లెడ్జర్‌లో 42,000 ఒకే ఎంట్రీ ఉంది. షాపుకి కొత్త ఇన్వర్టరు లాంటిది కొన్నదైతే ఖర్చుల్లో కాదు, Fixed Assets లో ఉండాలి. బిల్లు చూసి ఆడిటర్ గారిని అడగండి. బ్యాంకు 74,210 నిజమా కాదా అన్నది ఏ స్క్రీన్‌షాట్ చూసీ చెప్పలేం, పాస్‌బుక్‌తో రీకన్సిలియేషన్ చేయాల్సిందే.

నా ఊహలు నిజమై సప్లయరు లెడ్జరు, సెల్ఫ్ చెక్కు, 810 ఎంట్రీ సరిచేస్తే Sundry Debtors 2,36,300, Sundry Creditors 2,46,090, క్యాష్ 27,650 డెబిట్, క్యాపిటల్ గ్రూపు 5,20,000 అవుతాయి. Duties & Taxes మాత్రం 18,120 దగ్గరే ఉంటుంది, లోపల రెండు పన్నులూ చెరి 9,060 అవుతాయి. తేడా లైను మాయమై టోటల్ రెండు వైపులా 56,82,210 రావాలి. వేరే అంకె వస్తే కొత్త స్క్రీన్‌షాట్ పెట్టండి, ఈసారి కూడా ఓపెనింగ్ కాలమ్‌తోనే.